హెపారిన్, వార్ఫరిన్, కొత్త మాత్రలు: ఎవరికి ఏది, రక్తం ఆగకపోతే ఏం చేస్తారు

కవిటి దగ్గర కొబ్బరితోట ఉన్న ఓ పెద్దాయనకి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కుడికాలు చల్లబడి, తిమ్మిరెక్కి, పాలిపోయింది. గాజువాకలో ఉంటున్న కొడుకు కారు మాట్లాడి సాయంత్రానికల్లా విశాఖపట్నం తీసుకొచ్చేశాడు. ఆయనకి 66 ఏళ్ళు, బరువు 52 కిలోలు. ఈసీజీ తీస్తే గుండె లయ తప్పి కొట్టుకుంటోంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె గదిలో పేరుకున్న రక్తపు గడ్డ కొట్టుకొచ్చి తొడ దగ్గర ధమనిలో ఇరుక్కుంది. ఆయనది కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఉద్దానం. అందుకే నేను మొదట చూసింది కిడ్నీ రిపోర్టు. కిడ్నీలు సరిగా వడకట్టకపోతే పెరిగే క్రియాటినిన్ 2.1 ఉంది. కొడుకు సంచిలో పాత రిపోర్టులు కూడా ఉన్నాయి. రెండేళ్ళుగా అది 2 చుట్టూనే తిరుగుతోంది.

ఈ ఒక్క మనిషికి ఆ వారం రోజుల్లో మూడు రకాల మందుల గురించీ ఆలోచించాల్సి వచ్చింది. వార్ఫరిన్ మంచిదా, కొత్త మాత్రలు మంచివా అని నన్ను అడిగేవాళ్ళందరికీ నేను ఈయన సంగతే చెబుతుంటాను. మందు మంచిచెడ్డలు విడిగా తేలవు. అది ఎక్కడ పనిచేస్తుంది, ఏ పరీక్షలో కనిపిస్తుంది, అర్ధరాత్రి రక్తం కారితే దాన్ని ఎలా ఆపగలం అన్న మూడు ప్రశ్నలకీ ఆ మనిషి దగ్గర జవాబు దొరకాలి.

ముందు ఒక మాట. వీటిని అందరం రక్తం పలచబడే మందులంటాం కానీ, రక్తం ఏమీ పలచబడదు. గడ్డ కట్టే పని నెమ్మదిస్తుంది, అంతే. చివర్లో ఫైబ్రిన్ దారాలతో వల అల్లించేది థ్రాంబిన్. ఆ థ్రాంబిన్‌ని తయారుచేసేది ఫ్యాక్టర్ టెన్-ఏ. ఈ రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు, మూడు మందుల తేడా తెలిసిపోతుంది.

ఆ సాయంత్రం: హెపారిన్

కాలు దక్కాలంటే ధమని తెరిచి గడ్డ తీసేయాలి. గంటా రెండు గంటల్లో ఆపరేషన్. అప్పటిదాకా గడ్డ పెరగకూడదు, కత్తి పెట్టాక రక్తం ఆగకుండానూ పోకూడదు. ఇలాంటి వేళ కావాల్సింది వెంటనే పట్టుకుని, వద్దనుకున్నప్పుడు వెంటనే వదిలే మందు. అది సిరలోకి ఎక్కించే పాతకాలపు హెపారిన్.

హెపారిన్ తనంతట తాను ఏ ఫ్యాక్టర్‌నీ ఆపదు. మన రక్తంలోనే యాంటీథ్రాంబిన్ అనే బ్రేకు ఉంటుంది, మామూలుగా మెల్లగా పనిచేస్తుంది. హెపారిన్ దాన్ని అంటుకోగానే ఆ బ్రేకు వెయ్యి రెట్లు వేగంగా థ్రాంబిన్‌నీ, టెన్-ఏనీ పట్టేస్తుంది. ఎక్కించడం ఆపితే సుమారు గంట, గంటన్నరలో సగం విరిగిపోతుంది. మామూలు మోతాదుల్లో దీన్ని వదిలించుకోవడానికి శరీరం కిడ్నీల మీద పెద్దగా ఆధారపడదు. ఈయన విషయంలో అదే నిర్ణయించింది. పొట్ట చర్మం కింద వేసే ఎనాక్సపారిన్ సూది కూడా హెపారిన్ జాతిదే, వాడటం ఎంతో తేలిక. కానీ అది కిడ్నీల గుండానే పోతుంది, ఈయన ఒంట్లో పేరుకుంటుంది. పైగా దాన్ని పూర్తిగా విరగ్గొట్టే విరుగుడు లేదు.

మోతాదు బరువును బట్టి. మొదట కిలోకి 80 యూనిట్లు, అంటే ఈయనకి 4,160. తర్వాత గంటకి కిలోకి 18 చొప్పున సుమారు 940. రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఏపీటీటీ అనే పరీక్ష ఆరు గంటలకోసారి చేసి, అది మామూలు విలువకి ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల మధ్య ఉండేలా డ్రిప్పు వేగం మారుస్తారు. కొన్ని పెద్ద ల్యాబుల్లో దీనికి బదులు, టెన్-ఏని మందు ఎంత ఆపుతోందో చూసే యాంటీ టెన్-ఏ పరీక్ష చేస్తారు. దాంట్లో 0.3 నుంచి 0.7 మధ్య ఉండాలి.

ఈ ఏపీటీటీ దగ్గరే తరచూ తప్పులు జరుగుతాయి. హెపారిన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే అంకె విపరీతంగా పెరిగి కనిపిస్తుంది. నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం నింపకపోతే లోపలున్న సిట్రేట్ ఎక్కువై, అప్పుడూ అంతే. రోగిలో ఎక్కడా రక్తం కారకుండా ఏపీటీటీ ఒక్కసారిగా కొలవలేనంత వచ్చిందంటే డ్రిప్పు మార్చేముందు రెండో చేతి నుంచి ఇంకో నమూనా పంపించడం నాకు అలవాటు.

రక్తం ఎక్కువగా కారితే డ్రిప్పు ఆపేస్తారు. చాలాసార్లు అదే సరిపోతుంది. సరిపోకపోతే విరుగుడు మందు ప్రోటమీన్. ఒంట్లో ఉన్న ప్రతి 100 యూనిట్ల హెపారిన్‌కి ఒక మిల్లీగ్రాము లెక్క. ఈయనకి గంటకి 940 చొప్పున ఎక్కుతుంటే గత రెండు మూడు గంటల్లో వెళ్ళిందే లెక్కలోకి వస్తుంది, అంతకుముందుది చాలావరకు విరిగిపోయి ఉంటుంది. అంటే 20 నుంచి 25 మిల్లీగ్రాములు, అదీ పది నిమిషాలపాటు మెల్లగా. గబగబా ఇస్తే బీపీ పడిపోతుంది. ఎనాక్సపారిన్ అయితే ఇదే ప్రోటమీన్ దాని పనిలో సుమారు 60 శాతాన్నే ఆపగలదు.

హెపారిన్‌కి ఒక దొంగదెబ్బ ఉంది. మొదలుపెట్టిన ఐదు నుంచి పది రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే, అది మామూలు తగ్గుదల అనుకుని ఊరుకోకూడదు. అప్పుడు రక్తం కారడం కన్నా కొత్త గడ్డలు కట్టే ప్రమాదమే ఎక్కువ. ఏ రూపంలోనూ హెపారిన్ ఉండకూడదు, వెంటనే ఆపి వేరే జాతి మందుకి మారాలి. మన పెద్దాయనకి ఆ బాధ రాలేదు. గడ్డ తీశారు, కాలు వెచ్చబడింది.

ఎకో రిపోర్టు వచ్చేదాకా మాట్లాడొద్దు

మూడోరోజు కొడుకు అడిగాడు: "డాక్టర్ గారూ, మా పక్కింటాయన కొత్త మాత్ర వాడతాడండి, రక్తపరీక్షలే అక్కర్లేదట. నాన్నకీ అదే రాసిస్తారా?"

ఎకో చూశాక చెబుతానన్నాను. కారణం ఉంది. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి మైట్రల్ కవాటం సన్నబడిపోయిన వాళ్ళకి లయ తప్పితే, ఇప్పటికీ వార్ఫరినే సరైన మందు. 2022లో వెలువడిన ఇన్‌విక్టస్ అధ్యయనంలో రుమాటిక్ గుండెజబ్బుతో పాటు లయ తప్పిన 4,500 మందికి పైగా రోగుల్ని చూశారు. వాళ్ళలో కొత్త మాత్రల్లో ఒకటైన రివరాక్సబాన్ వాడినవాళ్ళ కన్నా వార్ఫరిన్ జాతి మందు వాడినవాళ్ళే ఎక్కువమంది బతికారు. లోహపు కవాటం పెట్టించుకున్న వాళ్ళ సంగతి ఇంకా స్పష్టం. వాళ్ళకి ఇంకో కొత్త మాత్ర డబిగాట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనాన్ని గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కాబట్టి పక్కింటాయన మాత్ర పక్కింటాయన కవాటానికే సరిపోతుంది. గర్భిణులకైతే కొత్త మాత్రలూ వద్దు, వార్ఫరిన్ మొదటి నెలల్లో బిడ్డకి హాని చేస్తుంది. వాళ్ళకి ఎనాక్సపారిన్ సూదులే దారి.

పెద్దాయన ఎకోలో కవాటాలు బాగున్నాయి. అంటే ఆయనకి రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

వార్ఫరిన్ దారి ఎలా ఉండేది

థ్రాంబిన్‌కీ, టెన్-ఏకీ ముందు రూపాలు లివర్‌లో తయారవుతాయి. వాటికి ఆఖరి మెరుగు దిద్దడానికి విటమిన్ కె కావాలి. ఆ విటమిన్‌ని మళ్ళీ మళ్ళీ వాడుకోనీయకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. దాంతో లివర్ పంపే ఫ్యాక్టర్లు పేరుకే ఉంటాయి, పనికిరావు. అయితే ఇప్పటికే రక్తంలో ఉన్న మంచి ఫ్యాక్టర్లు వాటంతట అవి కరిగిపోవాలి, దానికి రోజులు పడుతుంది. మన దగ్గర చాలామంది వాడే అసెనోకూమరాల్ కూడా ఇదే పద్ధతి. దాని పని వార్ఫరిన్ కన్నా తొందరగా తగ్గుతుంది.

వార్ఫరిన్ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె ఐఎన్‌ఆర్. మొదట్లో అది ఒక తప్పుడు ధైర్యం ఇస్తుంది. అన్నిటికన్నా ముందు తరిగేది ఫ్యాక్టర్ సెవెన్, ఆరు గంటల్లో సగమవుతుంది. ఐఎన్‌ఆర్ దానికి బాగా స్పందిస్తుంది కాబట్టి రెండో మూడో రోజుకే 2 దాటేయొచ్చు. కానీ గడ్డని నిజంగా ఆపాలంటే థ్రాంబిన్ ముందురూపం తగ్గాలి, అది సగం కావడానికే రెండున్నర మూడు రోజులు. పైగా గడ్డకట్టకుండా కాపాడే ప్రోటీన్ సి కూడా మొదట్లోనే పడిపోతుంది. అందుకే ఇప్పటికే గడ్డ ఉన్నవాళ్ళకి వార్ఫరిన్ మొదలుపెట్టాక కనీసం ఐదు రోజులు, ఐఎన్‌ఆర్ 2 మీద ఒక రోజంతా నిలిచేదాకా, హెపారిన్ కూడా నడపాలి. "ఐఎన్‌ఆర్ వచ్చేసింది కదా, సూదులాపి ఇంటికి పంపేయండి" అని మూడోరోజు అడిగే బంధువులకి నేను ఇదే చెబుతాను.

ఆ తర్వాత చాలామందికి ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ చోట లోహపు కవాటం ఉంటే 2.5 నుంచి 3.5. రిపోర్టులో రక్తం గడ్డ కట్టడానికి పట్టిన సెకన్లు చూసి పోల్చకండి. ఒకే రోగికి 26 సెకన్లు వచ్చి, మామూలు 13 అనుకుందాం, నిష్పత్తి 2. ల్యాబు వాడే రసాయనం సూచిక, అంటే ఐఎస్ఐ 1.0 అయితే ఐఎన్‌ఆర్ 2.0, అదే సూచిక 1.2 అయితే 2.3. సెకన్లు అవే, అర్థం వేరు. వీలైనంతవరకు ఒకే ల్యాబుకి వెళ్ళమనేది అందుకే.

వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూరలు మానేయక్కర్లేదు. వారానికి తినేది ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఏడాదంతా ముట్టకుండా ఆషాఢం రాగానే రోజూ మునగాకు కూర తింటే ఐఎన్‌ఆర్ పడిపోవచ్చు. మందులతో చిక్కు ఇంకా పెద్దది. విరేచనాలకని మెట్రోనిడజోల్ నాలుగు రోజులు వాడినా ఐఎన్‌ఆర్ ఎగబాకుతుంది. టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే ఎంత వార్ఫరిన్ ఇచ్చినా ఎక్కకుండా పోతుంది. రిఫాంపిసిన్ కొత్త మాత్రల్నీ దెబ్బతీస్తుంది; తేడా ఏమిటంటే వార్ఫరిన్‌లో ఆ సంగతి ఐఎన్‌ఆర్ చెబుతుంది, కొత్త మాత్రల్లో చెప్పేవాళ్ళుండరు.

రక్తం కారితే వార్ఫరిన్‌కి ఉన్న విరుగుడు దారి అందరికీ తెలిసినదే. పెద్దాయనకి ఐఎన్‌ఆర్ 5తో మెదడులో రక్తస్రావమైందనుకోండి. విటమిన్ కె 10 మిల్లీగ్రాములు సిరలోకి మెల్లగా ఇస్తారు. కానీ లివర్ కొత్త ఫ్యాక్టర్లు తయారుచేయాలి, దానికి గంటలు పడుతుంది. ఈలోపు తయారుగా ఉన్న ఫ్యాక్టర్ల పొడి, పీసీసీ, కిలోకి 35 యూనిట్ల చొప్పున సుమారు 1,800 ఇస్తే నిమిషాల్లో ఐఎన్‌ఆర్ దిగుతుంది. రెండూ ఎందుకంటే పీసీసీలోని ఫ్యాక్టర్ సెవెన్ కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది, అప్పటికి విటమిన్ కె అందుకోవాలి. పీసీసీ లేకపోతే ఎఫ్ఎఫ్‌పీ ప్లాస్మా. కిలోకి 15 మిల్లీలీటర్లంటే ఈయనకి 780, మూడు నాలుగు సంచులు. మంచులా గడ్డకట్టించి దాచిన సంచుల్ని కరిగించడానికే అరగంట పడుతుంది, పైగా ఈ కిడ్నీలతో అంత ద్రవం ఊపిరితిత్తుల్లో చేరొచ్చు. ఇక ఐఎన్‌ఆర్ 6 వచ్చింది, ఎక్కడా రక్తం కారడం లేదు అంటే కంగారుపడి విటమిన్ కె సూది పొడవక్కర్లేదు. మాత్ర ఆపి, మళ్ళీ చూసి, కారణం వెతకాలి.

వార్ఫరిన్ మీద నాకు గౌరవం తగ్గలేదు. కొలవొచ్చు, విరవొచ్చు, చవక. కానీ మొదట్లో వారానికి రెండుసార్లయినా, కుదురుకున్నాక నెలకోసారైనా ల్యాబు దగ్గర ఉండాలి. కొడుకు షిఫ్టు డ్యూటీ, తండ్రి ఊళ్ళో ఒంటరి. "నెలనెలా పలాస తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరండి" అన్నాడు. అది మందుల పుస్తకంలో లేని విషయం, ఎంపికలో మాత్రం సగం బరువు దానిదే.

కొత్త మాత్రల్లో ఏది

వీటికి మధ్యవర్తి అక్కర్లేదు. డబిగాట్రాన్ నేరుగా థ్రాంబిన్‌లోకి దూరి కూర్చుంటుంది. రివరాక్సబాన్, అపిక్సబాన్, ఎడాక్సబాన్ టెన్-ఏలోకి. వేసుకున్న రెండు మూడు గంటల్లో పూర్తి బలం, మానేస్తే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మెదడులో రక్తస్రావం వార్ఫరిన్‌తో పోలిస్తే సుమారు సగమే. అయితే అన్నీ ఎంతో కొంత కిడ్నీల గుండా పోతాయి: డబిగాట్రాన్ సుమారు 80 శాతం, అపిక్సబాన్ 27 శాతమే.

కాబట్టి క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే చాలదు, కిడ్నీల వడపోత వేగం లెక్క కట్టాలి. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. ఈయనకి:

(140 − 66) × 52 ÷ (72 × 2.1) = 25

నిమిషానికి 25 మిల్లీలీటర్లు. ఇదే 2.1 క్రియాటినిన్ 85 కిలోల నలభై ఏళ్ళ మనిషికొస్తే 56 వస్తుంది. సన్నగా ఉండే వృద్ధుల్లో క్రియాటినిన్ అంకె మోసం చేసేది ఇలాగే.

30 లోపు డబిగాట్రాన్ నేను రాయను. రివరాక్సబాన్ తగ్గించిన 15 మిల్లీగ్రాముల మోతాదులో ఇవ్వొచ్చు, అది భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఎక్కదు. ఈయనకి నేను అపిక్సబాన్ ఎంచుకున్నాను. దాని మోతాదుకి మూడు విషయాలు చూడాలి: 80 ఏళ్ళు నిండడం, బరువు 60 కిలోలు మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా ఆపైన. వీటిలో రెండుంటే 5 బదులు 2.5 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. ఈయనకి బరువు, క్రియాటినిన్ రెండూ ఉన్నాయి. ఒక్కటే ఉంటే తగ్గించకూడదు. వయసు చూసి జాలిపడి సగం మోతాదు రాయడం నేను తరచూ చూసే తప్పు; ఆ సగం మోతాదు పక్షవాతాన్ని ఆపదు.

హెపారిన్ డ్రిప్పు ఆపిన వెంటనే మొదటి మాత్ర ఇచ్చాం. వార్ఫరిన్‌లా ఐదు రోజుల జోడింపు అక్కర్లేదు. డబిగాట్రాన్ వాడేవాళ్ళకి మన ఊరి గాలి గురించి ఒక హెచ్చరిక: అది తేమకి పాడైపోతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళో వారం మందులన్నీ గడుల డబ్బాలో సర్దిపెట్టే అలవాటు ఈ గొట్టం మాత్రకి పనికిరాదు. వేసుకునేటప్పుడే రేకులోంచి తీయాలి, గొట్టం విప్పకూడదు.

పరీక్షలు అక్కర్లేదన్న మాటకి అర్థం

మోతాదు సరిచేయడానికి రోజువారీ పరీక్ష అక్కర్లేదు, నిజమే. ఒంట్లో మందు లేదని చెప్పడానికి మాత్రం మామూలు పరీక్షలు నమ్మదగినవి కావు. ఇది నాకు బాధతో తెలిసింది. చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో అపిక్సబాన్ వాడుతున్న ఆవిడకి ఐఎన్‌ఆర్ 1.1 వచ్చింది. రక్తం మామూలుగానే ఉందని నేనే అనుకుని పొట్టలో నీరు తీయడానికి ఒప్పుకున్నాను. రెండు రోజులు ఆవిడ రక్తం పోగొట్టుకుంది. ఉదయం మాత్ర వేసుకున్నారా అని నేను అడగలేదు. అపిక్సబాన్ పూర్తి బలంతో ఉన్నా ఐఎన్‌ఆర్ మామూలుగా రావచ్చు.

సరైన పరీక్ష ఆ మందుకే సరిచూసిన యాంటీ టెన్-ఏ. హెపారిన్‌కి సరిచూసిన యాంటీ టెన్-ఏ ఉన్నా, అందులో ఏమీ కనిపించకపోతే టెన్-ఏ మందు చెప్పుకోదగ్గంత లేదనుకోవచ్చు. డబిగాట్రాన్‌కి థ్రాంబిన్ టైమ్. అది మామూలుగా ఉంటే మందు లేనట్టే. అది చాలా చోట్ల చేయగలిగిన చవక పరీక్ష, అడగడం మరిచిపోతాం.

రక్తం కారినప్పుడు అన్నిటికన్నా విలువైన సమాచారం గడియారమే. పెద్దాయన రాత్రి ఎనిమిదికి మాత్ర వేసుకుని, పదింటికి రక్తం కక్కుకుంటూ వచ్చారనుకోండి. మందు ఇంకా పైకెక్కుతోంది. కడుపులోంచి రక్తం కాకపోయి ఉంటే బొగ్గుపొడి తాగించి ఇంకా ఎక్కకుండా ఆపొచ్చు, కక్కేవాళ్ళకి అది కుదరదు. ఎండోస్కోపీ వైద్యుల్ని పిలవాలి, రక్తం ఎక్కించాలి. ప్రాణం మీదికొస్తే పీసీసీ సుమారు 2,000 యూనిట్లు. టెన్-ఏ మందులకి ప్రత్యేక విరుగుడుగా ఆండెక్సనెట్ 2018లో అమెరికాలో అనుమతి పొందింది కానీ, మన ఊళ్ళో దాని మీద ఆశపెట్టుకుని మందు ఎంచుకోను. డబిగాట్రాన్ విరుగుడు ఇడారుసిజుమాబ్ మాత్రం చక్కగా పనిచేస్తుంది: రెండు సీసాలు, మొత్తం 5 గ్రాములు, నిమిషాల్లో మందు ఆగిపోతుంది. డబిగాట్రాన్ రాసేముందు అది దగ్గర్లో ఎక్కడ నిల్వ ఉందో కనుక్కోవాలి. లేకపోతే డయాలిసిస్ కొంత తీసేయగలదు. అపిక్సబాన్, రివరాక్సబాన్ డయాలిసిస్‌తో పోవు.

అలవాటుగా విటమిన్ కె సూది పొడిచి పంపిన రోగులు ఇప్పటికీ వస్తుంటారు. కొత్త మాత్రల మీద దానికి ఏ పనీ లేదు. ప్రోటమీన్‌కీ లేదు.

చిగుళ్ళలోంచి కాస్త రక్తం, గీసుకుంటే ఆలస్యంగా ఆగడం, ఇలాంటివాటికి మాత్ర తమంతట తాము మానేయొద్దని కొడుక్కి రెండుసార్లు చెప్పాను. మానేసిన రెండో రోజుకే గుండెలో గడ్డ కట్టడానికి అడ్డు ఉండదు. నల్లటి విరేచనం, తలకి దెబ్బ, ఉన్నట్టుండి తలనొప్పి అయితే ఆలోచించకుండా బయల్దేరాలి.

కిడ్నీ పరీక్ష ఎన్నాళ్ళకోసారి అన్నదానికి నేను వాడే లెక్క, వడపోత వేగాన్ని పదితో భాగిస్తే వచ్చినన్ని నెలలకి. ఈయనకి 25, అంటే రెండున్నర నెలలు. నెలనెలా పలాస అన్నది ఏడాదికి ఐదుసార్లయింది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే గడువు చూడకుండా అప్పుడే చేయించాలి. మే నెల ఎండలో తోటలో తిరిగే మనిషి, కిడ్నీలు ఇట్టే ఎండిపోతాయి. అప్పుడు అదే 2.5 మిల్లీగ్రాములు ఎక్కువైపోతుంది.

వెళ్ళేముందు కొడుకు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తండ్రి చొక్కా జేబులో పెట్టాడు: అపిక్సబాన్ 2.5, పొద్దున్న ఎనిమిది, రాత్రి ఎనిమిది, క్రియాటినిన్ 2.1, తేదీ. కింద తన ఫోన్ నంబరు.